ఆల్ఫాబెట్ టెస్ట్ బిట్లు: ఎడమ నుంచి ఎన్నోది, కుడి నుంచి ఎన్నోది, మధ్యలో ఎన్ని

రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో బ్యాంకు పరీక్షలకీ రైల్వే పరీక్షలకీ చదువుతున్న వాళ్ళ రఫ్ పుస్తకం తెరిస్తే, మొదటి పేజీలో A నుంచి Z దాకా నంబర్లు వేసి ఉంటాయి, దాని కింద ఒక పెట్టె గీసి నాలుగు సూత్రాలు రాసి ఉంటాయి. ఎడమ నుంచి ఎడమకి అయితే తీసెయ్, ఎడమ నుంచి కుడికి అయితే కలుపు, కుడి నుంచి ఎడమకి అయితే కలుపు, కుడి నుంచి కుడికి అయితే తీసెయ్. నన్నడిగితే ఆ పెట్టె కొట్టేయండి. సూత్రాలు తప్పని కాదు, పరీక్షలో ఆ టెన్షన్‌లో ఏది ఎప్పుడన్నది కలగాపులగం అయిపోతుంది, పైగా వచ్చిన అంకె ఎడమ నుంచి లెక్కో కుడి నుంచి లెక్కో మళ్ళీ ఆలోచించుకోవాలి. వాటి బదులు ఒక్క అలవాటు చాలు: ఏ అక్షరం కనిపించినా దాన్ని ముందు ఎడమ నుంచి నంబరుగా మార్చుకోవడం. కుడికి జరిగితే కలపడం, ఎడమకి జరిగితే తీసేయడం. అంతే, ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ముందు నంబర్లు నోటికి రావాలి

A ఒకటి, Z ఇరవై ఆరు అని అందరికీ తెలుసు, S ఎంత అంటే మాత్రం వేళ్ళు మడవడం మొదలుపెడతారు. E, J, O, T, Y అనే ఐదు అక్షరాలు పట్టుకోండి, అవి 5, 10, 15, 20, 25. కోచింగుల్లో దీన్నే ఈజోటీ అంటారు. ఇక A, B తప్ప ఏ అక్షరమైనా వీటిలో ఒకదానికి రెండడుగుల లోపే ఉంటుంది. S అంటే T కి ముందుది, 19. L అంటే J తర్వాత రెండోది, 12. Z ఒక్కటి Y పక్కన. నాలుగు రోజులు బస్సులో వెళ్ళేటప్పుడు కనిపించిన ఊరి బోర్డు మీద అక్షరాలకి నంబర్లు చెప్పుకుంటూ పోతే అదే వచ్చేస్తుంది.

రెండో పని, కుడి నుంచి ఇచ్చిన నంబరుని ఎడమకి మార్చడం. 27 లోంచి తీసేయాలి, 26 లోంచి కాదు. ఎందుకంటే ఏ అక్షరాన్నయినా ఎడమ నుంచి లెక్కపెట్టినప్పుడు ఒకసారి, కుడి నుంచి లెక్కపెట్టినప్పుడు ఇంకోసారి, అంటే ఆ అక్షరాన్నే రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి మొత్తం ఒకటి ఎక్కువ వస్తుంది. అనుమానం వస్తే Z చూసుకోండి, ఎడమ నుంచి 26, కుడి నుంచి 1, కలిపితే 27. కుడి నుంచి 9వది అంటే 27 − 9 = 18, అంటే R. మీరు I, R లని ఇండియన్ రైల్వే అనీ, H, S లని హైస్కూల్ అనీ జతలుగా గుర్తుపెట్టుకుని ఉంటే ఆ జతలు కూడా ఇవే, ప్రతి జతా కలిపితే 27. మాటలో అక్షరాలకీ ఇదే పద్ధతి, మాటలో ఎనిమిది అక్షరాలుంటే 9 లోంచి తీసేయాలి. GODAVARI లో కుడి నుంచి మూడోది ఏది? 9 − 3 = 6, ఆరో అక్షరం A.

ఇప్పుడు బిట్టు చదవడం

ఈ బిట్లలో రెండు ముక్కలుంటాయి, ఒకటి ఎక్కడ నిలబడాలో చెప్తుంది, రెండోది ఎటు ఎంత నడవాలో చెప్తుంది. కుడి నుంచి 9వ అక్షరానికి ఎడమవైపు 5వ అక్షరం ఏది, అని అడిగారనుకోండి. నిలబడేది కుడి నుంచి 9 దగ్గర, అంటే ఇందాక చూసిన 18. ఎడమకి 5 నడిస్తే 13, M. అదే ఎడమ నుంచి 17వ అక్షరానికి ఎడమవైపు 6వది అంటే 17 − 6 = 11, K. కుడి నుంచి 15వ దానికి కుడివైపు 7వది అంటే ముందు 27 − 15 = 12, అక్కణ్ణుంచి కుడికి 7, 19, S. మూడు బిట్లూ మూడు రకాలు, మనం చేసింది మాత్రం ఒకటే.

కంప్యూటర్ ముందు ఇంగ్లీష్‌లో చదివే వాళ్ళు ఒకటి గమనించాలి. తెలుగులో ఎక్కడ నిలబడాలన్నది ముందు వస్తుంది, నడక తర్వాత వస్తుంది. ఇంగ్లీష్ వాక్యంలో నడక ముందు, నిలబడే చోటు చివర. అందుకే తెలుగు మీడియంలో చదివిన వాళ్ళు చాలామంది మొదట కనిపించిన అంకెనే నిలబడే చోటు అనుకుని మొదలుపెడతారు. ఇంగ్లీష్ బిట్టు అయితే వాక్యం చివరి ముక్క ముందు చదివి, దాని నంబరు రఫ్ పేపరు మీద వేసి, అప్పుడు మొదటికి రండి.

కుడి, ఎడమ అన్న దగ్గర ఇంకో గందరగోళం. గోదావరికి కుడి గట్టు, ఎడమ గట్టు అంటే నీళ్ళు పారే వైపు ముఖం పెట్టి చెప్తాం, అందుకే రాజమండ్రి ఎడమ గట్టున, కొవ్వూరు కుడి గట్టున. కూర్చునే బిట్లలో కూడా మనిషి ఎటు తిరిగి ఉన్నాడో చూసి కుడి ఎడమలు మార్చుకుంటాం. అక్షరాలకి ముఖాలు లేవు, మీరు చదివేటప్పుడు మీ కుడి ఏదో అదే కుడి, ఎప్పుడూ మారదు.

తప్పు చేశారో లేదో కొన్నిసార్లు జవాబే చెప్పేస్తుంది. మీకు 30 వచ్చినా, సున్నా వచ్చినా, మైనస్ వచ్చినా దిక్కు తప్పు చదివారన్నమాట, అలాంటి అక్షరం లేదు కదా, మళ్ళీ చదవండి. అలాగే ఆల్ఫాబెట్‌నే మార్చేసి అడిగితే 27 పద్ధతిని గుడ్డిగా వాడొద్దు. మొదటి సగం తిరగేసి రాస్తే ఎడమ నుంచి 9వది ఏది అంటారు. మొదటి పదమూడు M నుంచి A దాకా వెనక్కి నడుస్తున్నాయి కాబట్టి ఆ పదమూడులో 14 లోంచి తీసేయాలి, 14 − 9 = 5, అంటే E. రెండో సగం మారలేదు, దాని నంబర్లు మామూలువే.

మధ్యలో ఎన్ని అక్షరాలు

రెండు అక్షరాల నంబర్లు తీసుకుని పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, ఇంకో ఒకటి తీసేయండి. H, R ల మధ్య 18 − 8 − 1 = 9. ఇందులో పెద్ద విశేషం లేదు, చివర్న ఆ ఒకటి తీయడం మర్చిపోవడమే జరిగే తప్పు, ఆప్షన్లలో ఆ తప్పు జవాబు కూడా తప్పకుండా ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే రెండు చివర్ల నుంచి ఇచ్చినప్పుడు. ఎడమ నుంచి 18వ అక్షరానికీ కుడి నుంచి 14వ అక్షరానికీ మధ్య ఎన్ని? చాలామంది 26 లోంచి రెండూ తీసేస్తారు, 26 − 18 − 14 అంటే మైనస్ 6 వస్తుంది, అక్కడ ఆగిపోతారు, లేదా మైనస్ కొట్టేసి 6 అని పెట్టేస్తారు. రెండూ ఎడమ నంబర్లుగా మార్చండి: ఒకటి 18, రెండోది 27 − 14 = 13. R, M. మధ్యలో 18 − 13 − 1 = 4, అవి N, O, P, Q. కుడి నుంచి చెప్పిన అక్షరం నిజానికి ఎడమ నుంచి చెప్పినదానికంటే ఎడమవైపే ఉంది, అదే ఇక్కడ మెలిక.

సరిగ్గా మధ్యలో ఉన్న అక్షరం ఏది అని అడిగితే రెండు నంబర్లూ కలిపి సగం చేయాలి. ఎడమ నుంచి 8వది H, కుడి నుంచి 7వది 20 అంటే T, కలిపితే 28, సగం 14, N. కలిపినప్పుడు బేసి సంఖ్య వస్తే సరిగ్గా మధ్య అక్షరం ఉండదు, 'ఇవేవీ కాదు' అన్న ఆప్షన్ చూడాలి.

అసలు బిట్టు: మాటలో జతలు

ఎక్కువమంది వదిలేసేది ఇది. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కి 20 నిమిషాల్లో 35 బిట్లు, అంటే ఒక్కోదానికి అర నిమిషం పైచిలుకు, తప్పు పెడితే పావు మార్కు పోతుంది. అందుకే భయపడి దాటేస్తారు, కానీ పద్ధతిగా చేస్తే ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

అడిగేది ఇలా ఉంటుంది: ఒక మాటలో ఏ రెండు అక్షరాల మధ్య ఎన్ని అక్షరాలున్నాయో, ఆల్ఫాబెట్‌లో కూడా ఆ రెంటి మధ్య అన్నే ఉండాలి, ముందుకైనా వెనక్కైనా, అలాంటి జతలెన్ని? మాట GODAVARI అనుకుందాం.

చేసే విధానం. మొదటి అక్షరం మీద వేలు పెట్టండి, కుడివైపు ఉన్న అక్షరాల మీదుగా ఒక్కొక్కటీ జరుగుతూ, ఆ అక్షరం తర్వాత ఆల్ఫాబెట్ ముందుకి చదవండి. మీరు నోటితో అంటున్న అక్షరం, వేలి కింద ఉన్న అక్షరం ఒకటే అయితే అది జత. ఆ తర్వాత మళ్ళీ అదే అక్షరం నుంచి మొదలుపెట్టి ఈసారి ఆల్ఫాబెట్ వెనక్కి చదవండి. వేలు మాత్రం రెండుసార్లూ కుడికే వెళ్ళాలి.

G తో మొదలు. ముందుకి H, I, J, K, L, M, N అంటూ O, D, A, V, A, R, I మీదుగా పోతే ఒక్కటీ కలవదు. వెనక్కి F, E, D, C, B, A అన్నాం, వేలు R మీద ఉంది, ఏదీ కలవలేదు. ఇక A అయిపోయింది, ఆపేయాలి, A తర్వాత మళ్ళీ Z కి వెళ్ళకూడదు. రెండోది O. ముందుకి P, Q, R, S, T, U, లాభం లేదు. వెనక్కి N, M, L, K, J, I, సరిగ్గా I అన్నప్పుడు వేలు I మీదే ఉంది. ఒక జత, O–I.

D దగ్గర పని ఎక్కువ. ముందుకి E, F, G, H, I, అప్పుడు వేలు I మీద, రెండో జత, D–I. వెనక్కి C అన్నప్పుడు వేలు మొదటి A మీద, కలవలేదు. B అన్నప్పుడు V మీద. A అన్నప్పుడు రెండో A మీద, కలిసింది, మూడో జత, D–A. ఇక్కడ జాగ్రత్త. మాటలో A రెండుసార్లు ఉంది, D పక్కనే ఉన్న A తో జత కాలేదని తేల్చుకుని ముందుకి దాటేస్తే రెండో A తో ఉన్న జత పోతుంది. ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ వేరువేరు అక్షరాలే అనుకుని చూడాలి. అలాగని A కి A తో జత కడతారు కొందరు, అది ఎప్పటికీ కుదరదు.

మిగిలినవి త్వరగా తేలిపోతాయి. మొదటి A నుంచి B, C, D, E, వేలి కింద V, A, R, I, లేదు. V నుంచి ముందుకి W, X, Y, వెనక్కి U, T, S, వేలి కింద A, R, I, లేదు. రెండో A నుంచి B, C, లేదు. R నుంచి ముందుకి S, వెనక్కి Q, వేలి కింద I, లేదు. మొత్తం మూడు.

కొన్ని బిట్లలో ముందుకి మాత్రమే అని రాస్తారు. అప్పుడు D–I ఒక్కటే జవాబు. ఆప్షన్లలో ఒకటీ ఉంటుంది, మూడూ ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క మాట చదవకుండా లెక్క మొదలుపెట్టొద్దు. ఇంకోటి, పక్కపక్కనే ఉన్న అక్షరాలు. DELTA లో D, E పక్కపక్కనే ఉన్నాయి, ఆల్ఫాబెట్‌లోనూ అంతే, మధ్యలో సున్నా, ఇక్కడా సున్నా, కాబట్టి అది జతే. మధ్యలో అక్షరాలు ఉండాలి కదా అని దీన్ని వదిలేసే వాళ్ళున్నారు.

పొడుగు మాట వస్తే

పది, పదకొండు అక్షరాల మాటకి నోటితో చదువుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తడబడతాం. అప్పుడు అంకెలతో చేయండి. అక్షరం కింద దాని ఆల్ఫాబెట్ నంబరు, దాని కింద మాటలో అది ఎన్నోదో. తర్వాత పై నంబరులోంచి కిందిది తీసేసి ఒక వరుస, రెండూ కలిపి ఇంకో వరుస. తీసేసిన వరుసలో ఎక్కడైనా ఒకే అంకె రెండుసార్లు వస్తే అది ముందుకి జత, కలిపిన వరుసలో వస్తే వెనక్కి జత. కారణం తేలికే, మాటలో ఎన్ని అడుగులు జరిగామో ఆల్ఫాబెట్‌లోనూ అన్నే అడుగులు జరిగితే తేడా మారదు, ఆల్ఫాబెట్‌లో అన్ని అడుగులు వెనక్కి వెళ్తే మొత్తం మారదు.

GODAVARI కి:

```
అక్షరం   G   O   D   A   V   A   R   I
నంబరు   7  15   4   1  22   1  18   9
చోటు     1   2   3   4   5   6   7   8
తీసేస్తే  6  13   1  -3  17  -5  11   1
కలిపితే  8  17   7   5  27   7  25  17
```

తీసేసిన వరుసలో 1 రెండుసార్లు, D–I. కలిపిన వరుసలో 17 రెండుసార్లు, O–I, 7 రెండుసార్లు, D–A. ఇందాకటి మూడే.

ఇప్పుడు RAJAHMUNDRY. ఊరి పేరు రాజమహేంద్రవరం అయినా మనకి పాత స్పెల్లింగే మంచి బిట్టు ఇస్తుంది, చూడండి.

```
అక్షరం   R   A   J   A   H   M   U   N   D   R   Y
నంబరు  18   1  10   1   8  13  21  14   4  18  25
చోటు     1   2   3   4   5   6   7   8   9  10  11
తీసేస్తే 17  -1   7  -3   3   7  14   6  -5   8  14
కలిపితే 19   3  13   5  13  19  28  22  13  28  36
```

తీసేసిన వరుసలో 7 రెండుసార్లు ఉంది, J–M. 14 రెండుసార్లు, U–Y. కలిపిన వరుసలో 19 రెండుసార్లు, R–M, 28 రెండుసార్లు, U–R, ఈ R చివర్లో ఉన్నది. ఇక 13 మూడుసార్లు ఉంది, J, H, D దగ్గర. మూడుసార్లు వస్తే ఒక జత కాదు, రెండూ కాదు, మూడు: J–H, J–D, H–D. అన్నీ కలిపితే ఏడు జతలు. ఈ మూడుసార్లు వచ్చినప్పుడే ఎక్కువమంది లెక్క తప్పుతారు.

అయితే పరీక్షలో ఏడు దాకా వెళ్ళక్కర్లేకపోవచ్చు. ఈ బిట్లకి చాలాసార్లు చివరి ఆప్షన్ 'మూడు కంటే ఎక్కువ' అనో 'నాలుగు కంటే ఎక్కువ' అనో ఉంటుంది. అదే ఉంటే మూడు కంటే ఎక్కువ అన్నదానికి నాలుగో జత దొరకగానే పెన్ను కింద పెట్టి ఆప్షన్ నొక్కేయండి. అందుకే లెక్క మొదలుపెట్టే ముందే ఆప్షన్లు చూడాలి. ఐదారు అక్షరాల మాటకి మాత్రం ఈ అంకెల వరుసలు వేయడం టైం దండగ, వేలితో చదవడమే త్వరగా అయిపోతుంది. ఇంకో చిన్న సాయం: మాటలో ఎన్ని అక్షరాలున్నాయో చూసుకోండి, ఎనిమిది ఉంటే ఏ రెంటికీ ఏడడుగులకి మించి దూరం ఉండదు, కాబట్టి ఆల్ఫాబెట్‌లో ఏడు కంటే ఎక్కువ తేడా ఉన్న అక్షరాలు జత కాలేవు. GODAVARI లో V కి O, R తప్ప ఇంకెవరూ దగ్గర్లో లేరు, ఆ రెండూ చూసుకుంటే V పని అయిపోయినట్టే.

సాధన చేయడానికి నరసాపురం నుంచి నిడదవోలు వెళ్ళే రైలెక్కి స్టేషన్ల బోర్డులు చూసుకోండి, ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఎలాగూ రాసి ఉంటుంది. జవాబులు సరిచూసుకోవడానికి కొన్ని ఇస్తున్నాను. PALAKOLLU లో ఒక జత, మొదటి L కి O తో. TANUKU లో ఏమీ లేవు. NIDADAVOLU లో రెండు, I–O ముందుకి, D–A వెనక్కి, ఈ D మొదటిది, A రెండోది. రైలు వెళ్ళని AMALAPURAM లో ఒకటి, P–R, మధ్యలో ఇక్కడ U ఉంది, ఆల్ఫాబెట్‌లో Q ఉంది. KAKINADA కి సున్నా. K, I ల మధ్య జత ఉన్నట్టే అనిపిస్తుంది కానీ మొదటి K కి I ఒక అడుగు ఎక్కువ దూరంలో ఉంది, రెండో K కి ఒక అడుగు తక్కువ దూరంలో ఉంది.